అదే గ్రహణం మళ్లీ వస్తుంది, తిరుపతికి మాత్రం కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

గత వారం మా వీధిలో పాల ప్యాకెట్లతో పాటు ఒక కరపత్రం కూడా గుమ్మాల్లో పడింది. "2009 జూలై 22న కాశీలో పగలే చీకటి కమ్మింది. పద్దెనిమిదేళ్లకు అదే గ్రహణం 2027 ఆగస్టు 2న తిరిగి వస్తోంది. ఈసారి తిరుపతిలో ఆరు నిమిషాల చీకటి" అని అచ్చువేసి, అడుగున శాంతిపూజకు ధర కూడా వేశారు. సాయంత్రానికల్లా అది ఫోన్లలోకి ఎక్కింది. ఎదురింటి ఆవిడ వచ్చి, "మాస్టారూ, ఆ రోజు ఊళ్లో ఉండకూడదా?" అని అడిగారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడిని, ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కరపత్రం మొత్తం అబద్ధమైతే ఇంత బాధ లేదు. తారీఖు నిజం, పద్దెనిమిదేళ్ల మాటా నిజమే. ఊరి పేరు దగ్గరే దారి తప్పారు.

ముందుగా ఆ పద్దెనిమిదేళ్ల సంగతి. 2009 నాటి గ్రహణం విరోధి నామ సంవత్సరం ఆషాఢ బహుళ అమావాస్య నాడు వచ్చింది. 2027లో వచ్చేది ప్లవంగ నామ సంవత్సరంలో, మళ్లీ ఆషాఢ బహుళ అమావాస్య నాడే. పాత పంచాంగాలు దాచుకునే అలవాటు ఉన్నవారు వరసగా పెట్టుకుని ఈ రెండింటి మధ్య ఎన్ని నెలలున్నాయో లెక్కపెట్టండి. ఏడాదికి పన్నెండు చొప్పున పద్దెనిమిదేళ్లకు 216 నెలలు. నడుమ వచ్చిన అధిక మాసాలు ఏడు: 2010లో వైశాఖం, 2012లో భాద్రపదం, 2015లో ఆషాఢం, 2018లో జ్యేష్ఠం, 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం, 2026లో మళ్లీ జ్యేష్ఠం. మొత్తం 223. ఖగోళ శాస్త్రంలో సారోస్ అనే చక్రం సరిగ్గా ఈ 223 చాంద్రమాసాలే. దీన్ని బాబిలోనియా వాళ్లు గ్రహణాల చిట్టాలు రాసి పట్టుకున్నారు. మన పంచాంగాల అట్టల మధ్య కూడా అదే లెక్క ఉంది.

223 నెలలకే ఎందుకు తిరిగి రావాలో తెలియాలంటే అసలు ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు పట్టదో చూడాలి. సూర్యగ్రహణానికి చంద్రుడు మనకూ సూర్యుడికీ నడుమకు రావాలి, అది అమావాస్య నాడే జరుగుతుంది. చంద్రగ్రహణానికి భూమి నడుమ ఉండాలి, అది పౌర్ణమి. అందుకే ఏకాదశి నాడు గ్రహణమని ఎవరైనా సందేశం పంపితే, చదవకుండానే తీసేయవచ్చు.

అయితే చంద్రుడు తిరిగే దారి, సూర్యుడు నడిచినట్లు మనకు కనిపించే దారి ఒకే మట్టంలో లేవు. వాటి మధ్య సుమారు ఐదు డిగ్రీల వాలు ఉంది. ఐదు డిగ్రీలంటే తక్కువేమీ కాదు, ఆకాశంలో పది చందమామలను పక్కపక్కన పేర్చినంత దూరం. కాబట్టి చాలా అమావాస్యల్లో చంద్రుడు సూర్యుడికి పైనుంచో కిందనుంచో జారిపోతాడు. మా మనవరాలికి దీన్ని రెండు గాజులతో చూపించాను. పెద్ద గాజులో చిన్నదాన్ని కాస్త వాల్చి పెడితే ఒకదాని మట్టాన్ని మరొకటి రెండే చోట్ల దాటుతుంది. ఆ రెండు చోట్లకే మనవాళ్లు రాహువు, కేతువు అని పేర్లు పెట్టారు. సూర్యుడు వాటిలో ఒకదానికి సుమారు పదిహేడు డిగ్రీల లోపు ఉండగా అమావాస్య పడితేనే గ్రహణం. ఆ రెండు చోట్లూ నెమ్మదిగా వెనక్కి జరుగుతుంటాయి కాబట్టి, సూర్యుడు ఒకదాని నుంచి రెండోదాన్ని చేరడానికి ఆరు నెలలు కూడా పట్టదు, 173 రోజులు చాలు. 2009 జూలై 22 పంచాంగం తీయండి, సూర్యుడూ కేతువూ ఇద్దరూ కర్కాటకంలో ఉంటారు. 2027 ఆగస్టు 2న కూడా అంతే.

223 నెలల ఘనత ఇక్కడే ఉంది. అన్ని నెలలు గడిచేసరికి అమావాస్య తిరిగి వస్తుంది, సూర్యుడు అదే కేతువు దగ్గరికి దాదాపుగా చేరుకుంటాడు, భూమికి చంద్రుడి దూరం కూడా ఇంచుమించు పాతదే అవుతుంది. దూరం కలిసింది కనుకనే 2009లో సంపూర్ణమైన గ్రహణం 2027లోనూ సంపూర్ణంగా వస్తోంది. లేకపోతే చంద్రబింబం చిన్నదై అంచున ఉంగరం మిగిలేది. అయితే కేతువు దగ్గరికి చేరడంలో ప్రతిసారీ అర డిగ్రీ తేడా పడుతుంది. అందువల్ల ఈ వరస కూడా శాశ్వతం కాదు. 1360లో మొదలైన ఈ వరసలో మొత్తం 71 గ్రహణాలు వచ్చి, 2622తో అది ఆగిపోతుంది.

ఇక ఊరి సంగతి. 223 చాంద్రమాసాలంటే 6585 రోజులు, ఆపైన సుమారు ఎనిమిది గంటలు. కరపత్రం రాసిన పెద్దమనిషి ఈ ఎనిమిది గంటలను వదిలేశారు. ఆ ఎనిమిది గంటల్లో భూమి మూడో వంతు తిరిగిపోతుంది, నీడ పడమరగా మరో ఖండం మీద పడుతుంది. 2009లో గ్రహణం నడిమధ్య ఘడియ మన గడియారంలో ఉదయం ఎనిమిది దాటాక. అప్పుడు నీడ పసిఫిక్ సముద్రం మీద ఉంది, కాశీని అంతకుముందే, పొద్దు పొడిచిన కాసేపటికి దాటిపోయింది. 2027లో ఆ ఘడియ మధ్యాహ్నం మూడున్నర దాటాక, ఈజిప్టులోని లక్సర్ దగ్గర. ఆ ఆరు నిమిషాల పైచిలుకు చీకటి అక్కడిది. నీడ స్పెయిన్ దక్షిణపు అంచు నుంచి ఉత్తర ఆఫ్రికా, అరేబియా మీదుగా వెళ్లి హిందూ మహాసముద్రంలో ముగుస్తుంది. తిరుపతిలో ఆ సాయంత్రం కనిపించేది పాక్షిక గ్రహణమే. సూర్యుడి అంచు కొరికినట్లు ఉంటుంది కానీ పగలు పగలుగానే ఉంటుంది. వట్టి కంటితో చూడకూడదన్నది మాత్రం పాక్షికానికీ వర్తిస్తుంది.

మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు కదా, మూడు చక్రాలు తిరిగితే నీడ పాత వైపుకే రావాలి. వస్తుంది కూడా. ఇదే వరసలో 1973 జూన్ 30న ఆఫ్రికా మీద ఏడు నిమిషాలకు పైగా గ్రహణం పట్టింది. తర్వాత 1991లో హవాయి, మెక్సికో, 2009లో మన దేశం, చైనా, ఇప్పుడు మళ్లీ ఆఫ్రికా. అర డిగ్రీ తేడాలు కూడటం వల్ల ఈసారి నీడ మరింత ఉత్తరాన పడుతోంది. ఆ తర్వాతిది 2045 ఆగస్టు 12న అమెరికాకు వెళుతుంది.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. గ్రహణం వార్తలో ఆలయం తలుపులు ఎప్పుడు మూసేదీ, ఎప్పుడు తెరిచేదీ వేస్తారు, అది భక్తులకు అవసరమే. దాని పక్కనే తిరుపతి, చిత్తూరులలో పట్టు ఎన్ని గంటలకు, విడుపు ఎన్ని గంటలకు, సూర్యబింబంలో ఎంత భాగం కప్పుకుపోతుంది, సంపూర్ణ గ్రహణం ఏ దేశంలో అన్న నాలుగు వరసలు కూడా వేయండి. అదీ గ్రహణం నాటి ఉదయం కాకుండా నెల ముందు. కరపత్రాల వాళ్లు ఏడాది ముందే బయలుదేరారు.

ఇట్లు
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
తిరుపతి