కొలతలు ఒకటే, రెండు టన్నుల తేడా ఎక్కడ?

"మీ కొటేషన్‌లో స్టీలు 17 టన్నులు, ఇంకొకరిది 15. షెడ్డు కొలతలు ఒకటే, షీటూ ఒకటే. ఆ రెండు టన్నులకి మేం దేనికి డబ్బు కట్టాలి?"

పైకప్పు షీటును మోసే పర్లిన్ల మందానికి, ఆ పర్లిన్లను మోసే వాలు దూలం రాఫ్టర్‌లోని నిలువు ప్లేటుకి, కింద నిలబడి చూస్తే కంటికి ఆనని చిన్న చిన్న ముక్కలకి. లెక్క ఇదిగో.

శంషాబాద్, మేడ్చల్ వైపు ఎక్కువగా అడిగే గోడౌన్‌నే తీసుకుందాం. వెడల్పు 20 మీటర్లు, పొడవు 36, చూరు ఎత్తు 6. ప్రతి 6 మీటర్లకు ఒక ఫ్రేము చొప్పున మొత్తం ఏడు ఫ్రేములు. పైకప్పు వాలు పదికి ఒకటి. ఒక్కో వాలు మీద ఎనిమిది వరుసల పర్లిన్లు, అంటే రెండు వైపులా పదహారు. రాఫ్టర్ల మీద ఒకదానిపై ఒకటి ఎక్కించే ల్యాప్ కూడా కలుపుకుంటే పర్లిన్ పొడవు దాదాపు 625 మీటర్లు అవుతుంది. 200 ఎం.ఎం. జెడ్ పర్లిన్ 2 ఎం.ఎం. మందంలో మీటరుకు సుమారు 5.4 కిలోలు, 1.6 మందంలో 4.3 కిలోలు. పైకప్పులోనే దాదాపు 675 కిలోలు తేడా వచ్చింది. గోడలకు వేసే గర్టులు ఇంకో 450 మీటర్లు, అక్కడ 480 కిలోలు. మధ్యలోని ఐదు ఫ్రేముల్లో రాఫ్టర్‌కి, కాలమ్‌కి నిలువు ప్లేటు 5 ఎం.ఎం. బదులు 4 వేస్తే మరో 560 తగ్గుతుంది. శాగ్ రాడ్లు, ఫ్లాంజ్ బ్రేసులు మొత్తంగా ఎత్తేస్తే ఇంకో 200. అన్నీ కూడితే మీరడిగిన రెండు టన్నులకు దగ్గరగా వస్తుంది.

నిలువు ప్లేటు పల్చగా ఉన్నంత మాత్రాన తప్పు కాదు. రాఫ్టర్‌ని ప్లేట్లు కోసి, వెల్డింగ్ చేసి తయారుచేసేదే అందుకు: బలం ఎక్కువ కావలసిన కాలమ్ తల దగ్గర లోతుగా, తక్కువ చాలిన చోట సన్నగా. 4 ఎం.ఎం. సరిపోతుందని డిజైన్ లెక్క చూపిస్తే ఒప్పుకోవచ్చు. మిగతా వాటిలో మాత్రం మేం రాజీపడం. ఎందుకంటే ఇలాంటి పైకప్పుకి అసలు పరీక్ష బరువు కాదు, గాలి.

గాలి బలాన్ని లెక్కకట్టే భారతీయ కోడ్ ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాద్‌కు ప్రాథమిక గాలివేగం సెకనుకు 44 మీటర్లు. ఆ వేగంలో ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 118 కిలోలు. కోడ్ ఇచ్చే తగ్గింపులన్నీ పోనిచ్చినా పైకప్పుని పైకి లాగే బలం కొన్ని చోట్ల 80, 90 కిలోల దాకా ఉంటుంది. షీటు, పర్లిన్ కలిపి బరువు చూస్తే పది కిలోలే. అంటే ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి లేచినప్పుడు పైకప్పు కిందికి కుంగదు, పైకి లేవబోతుంది. గాలికి ఎదురుగా ఉన్న షట్టర్ తెరిచి ఉంటే లోపలి ఒత్తిడి కూడా తోడై లాగుడు ఇంకా పెరుగుతుంది.

అప్పుడు రాఫ్టర్‌లో బలాలు తిరగబడతాయి. మామూలుగా నడిమి భాగంలో సాగే కింది అంచు నొక్కుడుకు గురవుతుంది. పై అంచుని పర్లిన్లు పట్టుకుని ఉంటాయి, కింది అంచుని పట్టుకునేది ఏదీ లేదు. అది పక్కకు మెలితిరగకుండా పర్లిన్ నుంచి రాఫ్టర్ కింది అంచుకు ఏటవాలుగా బిగించే చిన్న యాంగిలే ఫ్లాంజ్ బ్రేసు. ఒక్కోటి కిలో, కిలోన్నర ఉంటుంది. ఈ గోడౌన్ మొత్తానికి వంద కిలోలు దాటవు. డ్రాయింగ్‌లో ఉండి కూడా సైటులో ఎక్కువగా మాయమయ్యేది ఇదే, ఎందుకంటే అది లేకపోయినా షెడ్డు నిలబడే ఉంటుంది, గాలి వచ్చేదాకా.

పర్లిన్ సంగతీ అంతే. పల్చటి రేకు స్టీలు బలం పూర్తిగా వాడుకోకముందే అంచు దగ్గర నలిగిపోతుంది. కాబట్టి మందం ఐదో వంతు తగ్గిస్తే మోసే శక్తి అంతకంటే ఎక్కువే పడిపోతుంది. రెండు ఫ్రేముల మధ్య పర్లిన్లను కలుపుతూ వేసే 12 ఎం.ఎం. శాగ్ రాడ్లు పర్లిన్ వాలుకి కిందికి జారి వంగకుండా, మెలితిరగకుండా ఆపుతాయి. షీటు ఎక్కించక ముందే వాటిని బిగించి పర్లిన్‌ని నిటారుగా తేవాలి. వంగిన పర్లిన్ మీద షీటు వేస్తే స్క్రూ అంచుమీద పడుతుంది, లేదా అసలు పర్లిన్‌ని తగలదు. వర్షాకాలంలో కారే చోట్లు చాలావరకు ఇవే. స్క్రూ అతిగా బిగించి రబ్బరు వాషర్ బయటికి ఉబ్బిన చోట్లు రెండోవి.

సరుకు దిగినప్పుడు మీరే సరిచూసుకోవచ్చు. 6.6 మీటర్ల జెడ్ పర్లిన్ ఒకటి కాటా మీద పెట్టండి. 2 ఎం.ఎం. అయితే 35 కిలోల పైన తూగుతుంది, 1.6 అయితే 28, 29 దగ్గర ఆగిపోతుంది.

ఇక బోల్టులు. కాలమ్, రాఫ్టర్ కలిసే చోటా, కొప్పు దగ్గరా మందమైన ఎండ్ ప్లేట్లను 20 ఎం.ఎం. హైటెన్సైల్ బోల్టులతో కలుపుతాం. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉండాలి. ముందు అన్ని బోల్టులూ బిగించి ప్లేట్లు పూర్తిగా అంటుకున్నాయో లేదో చూడాలి. సందు ఉంటే బోల్టుతో లాగి మూయకూడదు, బోల్టు శక్తంతా ప్లేటు వంచడానికే పోతుంది. సందు లేదనుకున్నాక బోల్టు కొస, నట్టు, ప్లేటు మీదుగా మార్కర్‌తో ఒక గీత గీసి, డ్రాయింగ్ చెప్పినంత మేర నట్టును ఇంకా తిప్పాలి. ఆ తిప్పుడు బోల్టు పొడవును బట్టి, పాటించే కోడ్‌ను బట్టి మారుతుంది. పని అయ్యాక నట్టు మీది గీత పక్కకు జరిగి ఉండాలి. గీత ఇంకా తిన్నగానే ఉంటే ఆ బోల్టు బిగించలేదన్నమాట. రంధ్రం కలవలేదని గ్యాస్ కట్టర్‌తో పెద్దది చేస్తుంటే పని ఆపించండి. సాధారణంగా అది పునాదిలో యాంకర్ బోల్టులు పక్కకు జరిగినందువల్ల వచ్చే తంటా. అందుకే వాటిని టెంప్లేటుతో సహా ముందే పంపి, కాంక్రీటు పోసే ముందు కొలతలు చూసుకుంటున్నాం.

ఇకనుంచి మా కొటేషన్లలో పర్లిన్ మందం, శాగ్ రాడ్ల వరుసలు, ఫ్లాంజ్ బ్రేసుల లెక్క, బోల్టు గ్రేడు విడివిడిగా రాసి ఇస్తాం. ఎదుటి కొటేషన్‌లోనూ అవే అడగండి. అవన్నీ ఉండి కూడా వాళ్లది తేలికగా వస్తే వాళ్ల డిజైన్ మాకంటే బాగుందనే అర్థం, నిశ్చింతగా వాళ్లకే ఇవ్వండి.

మా దగ్గరికి రాకపోవడమే మంచిదైన పనులూ ఉన్నాయి. వెడల్పు పది మీటర్ల లోపు చిన్న షెడ్డుకి ట్యూబ్ ట్రస్సు చవక. 12 మీటర్ల ముక్కలతో ట్రైలరు, క్రేను తిరగలేని ఇరుకు గల్లీలకూ అదే మేలు. ఆమ్లపు ఆవిర్లు వచ్చే కెమికల్ యూనిట్లలో పల్చటి జింకు పూత పర్లిన్లు త్వరగా తుప్పు పట్టిపోతాయి, అక్కడ మందమైన హాట్ రోల్డ్ సెక్షన్లు పెట్టించుకోండి. మధ్యలో స్తంభాలు లేని గోడౌన్లు, ప్యాకింగ్ యూనిట్లు, వర్క్‌షాపులకే మేం ప్లేట్లు వెల్డింగ్ చేసి కట్టే ఈ ఫ్రేముల షెడ్డు సరిగ్గా నప్పుతుంది. పైన సోలార్ ప్యానెళ్లు, కింద ఫాల్స్ సీలింగ్, చెయిన్ పుల్లీ లాంటి ఆలోచన ఏదైనా ఉంటే డ్రాయింగ్ గీసే ముందే చెప్పండి. ప్యానెళ్లే చదరపు మీటరుకు 15 కిలోల దాకా అదనం, పైకప్పు సొంత బరువుకంటే అదే ఎక్కువ.