చిటికెడు సి.ఎం.సి. పొడి

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే రమేషూ,

నీ కవరు అందింది. చాక్లెట్ పాల ప్యాకెట్టు వెనక ముక్క కత్తిరించి, అందులో కలిపిన పదార్థాలకిచ్చే 407, 466 అన్న అంకెల కింద ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి మరీ పంపావు. నీ పెద్దపేగు పుళ్లు రెండేళ్లుగా అణిగి ఉన్నాయి కాబట్టి ఆ భయం అర్థమవుతుంది. కానీ "విషమా కాదా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు చూడు, అది మాత్రం నా వల్ల కాదు. మూడు పేజీలు పడుతుంది, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టుకుని చదువు.

ముందు 466. దాన్నే మేం కొట్లో సి.ఎం.సి. పౌడర్ అంటాం. పూర్తి పేరు కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్. పత్తిగింజల మీద మిగిలే పొట్టి పీచునో, చెక్క గుజ్జునో తీసుకుని, నీళ్లలో కరిగేలా రసాయనంతో మారుస్తారు. మన గంజి కూడా చిక్కబరుస్తుంది, కాకపోతే గంజిలో పిండి చిన్నపేగులోనే అరిగి ఒంట పడుతుంది. ఇది అరగదు. నోట్లో వేసుకున్నది దాదాపు అలాగే పెద్దపేగు దాకా పోతుంది. మొత్తం గొడవంతా అక్కడే మొదలు.

ఇదేం చేస్తుందో కంటికి కనబడాలని మొన్న నేనే ఒక పని చేశాను. అర లీటరు పాలు, వంద గ్రాముల పంచదార, చెంచాన్నర కార్న్ ఫ్లోర్, చెంచా జి.ఎం.ఎస్. పొడి, ఆఖర్న రెండొందల గ్రాముల మీగడ. ఇలా ఐస్‌క్రీముకి రెండు వాయిలు కలిపాను, ఒకదాంట్లోనే పావు టీస్పూను సి.ఎం.సి. వేశాను. ఆ పావు చెంచా ఎంతుంటుందోనని పక్కనున్న బంగారం కొట్టు కాంటా మీద తూయించాను. ఆయన పళ్లెంలో తెల్లపొడి చూసి "ఇదేటి బాబూ, పాషాణమా?" అన్నాడు. ముప్పావు గ్రాముకి కాస్త పైన తూగింది.

సి.ఎం.సి.ని నేరుగా పాలల్లో వేశావా, చేప కళ్లలా ఉండలు కడుతుంది, ఎంత గిలక్కొట్టినా కరగదు. పొడిగా ఉన్నప్పుడే పంచదారతో బాగా కలిపి, ఆ తరవాత పాలల్లో జల్లాలి. నేనూ మొదటేడాది ఒక బిందెడు పాలు అలాగే పాడుచేసి నాన్న చేత తిట్లు తిన్నాను.

రెండింటినీ కాచి, చల్లార్చి, రాత్రంతా గడ్డకట్టించి, పొద్దున్న ముక్కలు కోసి, మీగడ కలిపి, రెట్టింపు అయ్యేదాకా గిలక్కొట్టి మళ్లీ ఫ్రీజర్లో పెట్టాను. ఆ పూట రెండూ ఒకేలా ఉన్నాయిరా. గాలిని పట్టి ఉంచి పొంగించేది జి.ఎం.ఎస్., అది రెండింట్లోనూ ఉంది కదా. తేడా మర్నాడు తేలింది. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయింది (మే నెలలో ఇక్కడ వింతేం కాదు), అంచులు కరిగాయి, కరెంటొచ్చాక మళ్లీ గట్టిపడ్డాయి. సాయంత్రం చూస్తే పొడి వెయ్యని డబ్బాలో చెంచా దిగుతుంటే కరకరమని చప్పుడు, నాలిక మీద ఇసకలా మంచు పలుకులు. పొడి వేసింది మాత్రం వెన్నలా ఉంది.

కరిగిన నీళ్లు మళ్లీ గడ్డకట్టేటప్పుడు చిన్న మంచు పలుకుల్ని పెద్ద పలుకులు కలిపేసుకుంటాయి. మన నాలిక్కి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాటితే పలుకు తెలిసిపోతుంది. సి.ఎం.సి. ఆ నీళ్లని జిగురుగా పట్టి ఉంచుతుంది, పలుకుల్ని అంత తొందరగా పెరగనివ్వదు. ఫ్యాక్టరీ నుంచి లారీలో, లారీ నుంచి కొట్లో ఫ్రీజర్లోకి, అక్కణ్ణించి మీ ఇంటికి వచ్చేసరికి ఐస్‌క్రీము కొన్నిసార్లు కాస్త కరిగి గట్టిపడుతుంది. కంపెనీలు దీన్ని వేసేది ఆ దారిని తట్టుకోవడానికే.

ఇక పేగు సంగతి. పెద్దపేగు లోపలి గోడ మీద చిక్కటి జిగురు పొర ఒకటుంటుంది. బాక్టీరియా అంతా ఆ పొరకి ఇవతలే ఉండాలి, గోడని తాకకూడదు. 2015లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఎలుకలకి తాగే నీళ్లలో ఒక శాతం సి.ఎం.సి. కలిపి పన్నెండు వారాలు ఇచ్చారు, పోలీసార్బేట్ 80 అనే ఇంకో పదార్థాన్నీ విడిగా పరీక్షించారు. జిగురు పొర పల్చబడింది, బాక్టీరియా గోడకి దగ్గరగా జరిగింది, సన్నగా వాపు మొదలైంది, ఎలుకలు లావెక్కాయి. పేగువాపు వచ్చే స్వభావంతో పుట్టిన ఎలుకల్లో జబ్బు ఇంకా ముదిరింది. నాకు ముఖ్యమనిపించింది మాత్రం వేరే. అసలు బాక్టీరియాయే లేకుండా పెంచిన ఎలుకలకి ఏమీ కాలేదు. అంటే పొడి నేరుగా పేగుని కొరకదు, అక్కడి బాక్టీరియా నడవడిక మారుస్తుంది.

ఎలుకల సంగతి మనకెందుకంటావా? 2022లో మనుషుల మీదా చేశారు. పదహారు మంది ఆరోగ్యవంతుల్ని ఆసుపత్రిలోనే ఉంచి, అదే వంటశాల తిండి పెట్టి, ఏడుగురికి రోజుకి 15 గ్రాముల సి.ఎం.సి. కలిపి పదకొండు రోజులు ఇచ్చారు. తిన్న తరవాత కడుపులో ఇబ్బంది కాస్త పెరిగింది, బాక్టీరియా రకాలు మారాయి, పేగుకి మేలు చేసే చిన్న కొవ్వు ఆమ్లాలు తగ్గాయి. ఆ ఏడుగురిలో ఇద్దరికి బాక్టీరియా జిగురు పొరలోకి చొరబడింది. మిగతా ఐదుగురికి అలా లేదు. ఎవరి పేగు దానిదే అన్నమాట.

ఇప్పుడు కాంటా లెక్క తీద్దాం. నా వాయి మొత్తం సుమారు ఎనిమిది వందల గ్రాములు, అందులో పొడి ముప్పావు గ్రాము చిల్లర. వంద గ్రాముల కప్పులో గ్రాములో పదో వంతు. పదిహేను గ్రాములు తినాలంటే రోజుకి నూటయాభై కప్పులు! మన సూరిగాడు పెళ్లిళ్లలో కూడా అన్ని తినలేడు. బ్రెడ్డూ సాసులూ కేకులూ అన్నీ కలిసినా అంత చేరడం కష్టం. అయితే పదకొండు రోజుల పెద్ద మోతాదు చూసి, ఇరవయ్యేళ్ల చిన్న మోతాదు ఏం చేస్తుందో చెప్పలేం.

అందుకే నీ విషయంలో 466 కన్నా 407 మీద నాకు అనుమానం ఎక్కువ. అది క్యారజీనన్, సముద్రపు నాచు నుంచి తీస్తారు. చాక్లెట్ పాలల్లో కోకో పొడి అడుక్కి దిగిపోకుండా పాల ప్రొటీన్లతో పల్చటి వలలా అల్లుకుని మోస్తుంది. చికాగోలో నీలాంటి జబ్బు అణిగి ఉన్న పన్నెండు మంది మీద ఒక పరీక్ష చేసి 2017లో ప్రచురించారు. అందరికీ క్యారజీనన్ లేని తిండి పెట్టి, కొందరికి రోజుకి గ్రాములో ఐదో వంతు క్యారజీనన్ గొట్టం మాత్రల్లో, మిగతావాళ్లకి ఉత్తుత్తి గొట్టం మాత్రలు ఇచ్చారు. క్యారజీనన్ తీసుకున్న ఐదుగురిలో ముగ్గురికి జబ్బు తిరగబెట్టింది, రెండో గుంపు ఏడుగురిలో ఒక్కరికీ లేదు. పన్నెండు మందితో ఏదీ రుజువైపోదులే. కానీ మోతాదు చూడు, ఇది నూటయాభై కప్పుల లెక్క కాదు, మామూలుగా తినేవాడికి తిండిలో చేరగలిగినంతే.

కాబట్టి నువ్వైతే 407 ఉన్న ప్యాకెట్టు ముట్టకు. 466 ఎప్పుడో ఒక కప్పులో వస్తే కంగారుపడకు, రోజూ వద్దు. 412 చూసి మాత్రం బెదరకు, అది గ్వార్ గమ్, మీ అమ్మ వేయించే గోరుచిక్కుడు జాతి గింజల పిండే. మందులు ఆపడం, తిండి పూర్తిగా మార్చడం లాంటివి చెయ్యాలనుకుంటే మీ డాక్టరుగారితో ఒక మాట అను, నామీద పెట్టకు.

పరీక్షలో పొడి లేని డబ్బా మా గుంటలు ఖాళీ చేసేశారు, మంచు పలుకులంటేనే వాళ్లకి సరదా అట. వచ్చే ఆదివారం పాతపట్నం దాకా రా, నేను బండి మీద వచ్చి తీసుకెళ్తాను. పాలు మూడో వంతుకి మరిగించి కుల్ఫీ పెడతాను. పాలు అంత చిక్కబడితే ఏ పొడీ అక్కర్లేదు, కాకపోతే కరెంటు పోకముందే తినెయ్యాలి.

నీ
సత్యం