బావగారి ఉంగరం కెంపు గురించి

బ్యాంకాక్

అక్కా,

నువ్వు పంపిన రెండు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. మొదటి రాయి 5.12 కారట్లు, ఇరవై ఎనిమిది వేలు, దానికి ఏటీఎం కార్డులాంటి ప్లాస్టిక్ సర్టిఫికెట్. రెండోది 2.04 కారట్లు, లక్షా నలభై వేలు, దానికి మడతపెట్టిన కాగితం రిపోర్టు. "పెద్దది తక్కువకు వస్తుంటే చిన్నదానికి అంత ఎందుకు? రెండిట్లోనూ నేచురల్ అనే ఉంది, రెండూ ట్రీట్ చేసినవేనట" అని అడిగావు. కొట్టాయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ రెండు ట్రీట్‌మెంట్లనూ ఒకే గాటన కట్టడంలోనే ఉంది మోసమంతా.

ముందు ఆ "నేచురల్" అన్న మాట సంగతి చెబుతాను. సర్టిఫికెట్ మీద అది ఒక్క విషయమే చెబుతుంది: ఈ ఖనిజం భూమిలో పుట్టింది, ఫ్యాక్టరీలో పెంచింది కాదు అని. తవ్వి తీశాక దాన్ని ఏం చేశారన్నది ఆ మాటలో లేదు. మనవాళ్లు జాతిరాయి అన్నప్పుడు మనసులో ఉండేది వేరు, ల్యాబు వాళ్లు నేచురల్ అన్నప్పుడు ఉండేది వేరు. దాని కిందనే ఉన్న ఆర్.ఐ. 1.762-1.770, ఎస్.జి. 4.00 అంకెలు కూడా అంతే. వెలుతురు రాయిలోకి దూరినప్పుడు ఎంత వంగుతుందో ఒకటి, నీళ్లతో పోలిస్తే రాయి ఎన్ని రెట్లు బరువో రెండోది. ఇది కెంపేనని అవి చెబుతాయి, అంతవరకే. కొలిమిలో పెట్టిన కెంపుకూ పెట్టని కెంపుకూ అవే అంకెలు వస్తాయి. గాజు నింపిన కెంపుకూ దాదాపు అవే వస్తాయి, ఎందుకంటే పరికరం కొలిచేది గాజు చుట్టూ ఉన్న కెంపునే. కార్డు నిండా అంకెలున్నాయని ధైర్యపడకు. ధర తేల్చేది అన్నిటికంటే కింద, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో "కామెంట్స్" అని ఉండే గీత.

మొదటి రాయి కార్డులో ఆ గీత మీద "ఫిషర్స్ ఫిల్డ్" అని ఉంది, అంటే బీటలు నింపారని. ఫోటోలో నీ బొటనవేలు సగం కప్పేసింది కాని, మిగతా సగం చాలు. రెండో దాని మీద "ఇండికేషన్స్ ఆఫ్ హీటింగ్, మైనర్ రెసిడ్యూ" అని ఉంది, అంటే కాల్చిన ఆనవాళ్లు, కొద్దిపాటి మిగులు ఉన్నాయని. ఈ రెండు గీతల మధ్య తేడా తెలియాలంటే ఇక్కడ కొలిమిలో ఏం జరుగుతుందో తెలియాలి.

మామూలు కాల్చడం అంటే కెంపును విద్యుత్ కొలిమిలో పెట్టి, పదహారు, పదిహేడు వందల డిగ్రీల దాకా వేడెక్కించి, నెమ్మదిగా చల్లార్చడం. 1990ల మొదట్లో బర్మాలోని మోంగ్ షు గనుల నుంచి రాళ్లు కుప్పలుగా వచ్చినప్పుడు వాటి నడుమ ముదురు నీలం మచ్చ ఉండేది. కాలిస్తే అది పోయి ఎరుపు తేలేది. అలా కాల్చేటప్పుడు రాళ్లకు వెలిగారంలాంటిది పూసేవారు. అది కరిగి బీటల్లోకి దిగి, బీట గోడల్ని కొంచెం కరిగిస్తుంది. చల్లారేటప్పుడు ఆ కరిగిన కెంపు మళ్లీ కెంపుగానే పేరుకుని బీట చాలావరకు అతుక్కుంటుంది. వెలిగారం తాలూకు గాజు కాస్త మిగిలిపోతుంది. రిపోర్టులో "రెసిడ్యూ" అనేది దాన్నే. మైనర్, మోడరేట్, సిగ్నిఫికెంట్ అని మూడు మెట్లు. మైనర్ అంటే వ్యాపారంలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మోడరేట్ అయితే ధర దిగాలి. సిగ్నిఫికెంట్ అయితే నేను నీకు కొననివ్వను. ఎందుకంటే అక్కడ నువ్వు చూస్తున్న శుభ్రత చాలావరకు ఆ గాజుదే. ఇంతకీ కాల్చిన కెంపు రంగు శాశ్వతం. కడిగినా, ఎండలో పెట్టినా, కంసాలి మళ్లీ పొదిగినా మారదు.

గాజు నింపడం దీనికి పూర్తిగా వేరు. 2004లో జపాన్ ల్యాబు ఒకటి దీన్ని మొదట బయటపెట్టింది. ముడిసరుకుగా మొదట్లో మడగాస్కర్‌లోని అండిలమేనా రాళ్లు వచ్చాయి. పొడిగా తప్ప రాయిగా పనికిరాని సరుకు అది, ఒళ్లంతా బీటలు, పాలలాంటి మసక. వాటిని ముందు యాసిడ్‌లో కడిగి బీటల్లోని తుప్పు మరకలు తీస్తారు. తర్వాత సీసం ఎక్కువగా కలిపిన గాజు పొడి పూసి, సుమారు 900 డిగ్రీల్లో కాలుస్తారు. చాలకపోతే మళ్లీ పూసి మళ్లీ కాలుస్తారు. సీసం ఎందుకంటే, సీసపు గాజు వెలుతురును దాదాపు కెంపు వంచినంతగానే వంచుతుంది. అప్పుడు వెలుతురుకు బీట అడ్డు తగలదు, కంటికి కనబడదు. వంటనూనెలో ముంచిన గాజుకడ్డీ దాదాపు కనిపించకుండా పోయినట్టే. ఇక్కడ బీట అతుక్కోలేదు, దాగింది. గాజు తీసేస్తే రాయి ముక్కలవుతుంది.

అందుకే జీఐఏ లాంటి ల్యాబులు గాజు ఎక్కువున్న ఇలాంటి రాయిని కెంపు అని రాయడమే మానేశాయి. "సీసపు గాజు, కెంపు కలిపి తయారుచేసిన వస్తువు" అన్న అర్థంలో రాస్తాయి. మరికొన్ని "కాంపోజిట్" అంటాయి. చిన్న ల్యాబులు మాత్రం "నేచురల్ రూబీ" అని పెద్దగా, "ఫిషర్స్ ఫిల్డ్" అని చిన్నగా రాసి తప్పించుకుంటాయి. కొన్ని కార్డుల మీద గాజు నింపారనో బీటలు నింపారనో చెప్పడానికి "జి.ఎఫ్." లేదా "ఎఫ్.ఎఫ్." అని రెండక్షరాలే ఉంటాయి. ఆ కామెంట్ గీత ఖాళీగా ఉన్న కార్డు మరీ ప్రమాదం. ఖాళీ అంటే ట్రీట్‌మెంట్ లేదని కాదు, ల్యాబు ఆ మాట ఎత్తలేదని మాత్రమే.

ఇక్కడ గాజు నింపిన కెంపు కారటుకు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. మీ కొట్టాయన అడిగిన ఇరవై ఎనిమిది వేలను 5.12తో భాగిస్తే కారటుకు సుమారు అయిదున్నర వేలు పడుతుంది. అంటే చవకగా కనిపిస్తున్న రాయే ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు వస్తోంది. రెండోది కారటుకు సుమారు అరవై ఎనిమిదిన్నర వేలు. రంగు బాగుండి, మైనర్ రెసిడ్యూతో రెండు కారట్లు దాటిన రాయికి అది అన్యాయమేమీ కాదు. కాస్త బేరమాడవచ్చు. అదే అసలు కాల్చని కెంపయితే, రంగూ శుభ్రతా ఇంతే ఉంటే, దీనికి కొన్ని రెట్లు పలుకుతుంది. దాని జోలికి మనం పోనక్కర్లేదు. పోతే మాత్రం "నో ఇండికేషన్స్ ఆఫ్ హీటింగ్" అన్న మాట పెద్ద ల్యాబు కాగితం మీదే ఉండాలి. తక్కువ వేడికి, వెయ్యి డిగ్రీల లోపు కాల్చిన రాళ్లను పట్టుకోవడం ల్యాబులకే కష్టం, ముఖ్యంగా మొజాంబిక్ రాళ్లలో.

వాడకంలో గాజు ఎలా దెబ్బతింటుందో చెబుతాను, ఇది అమ్మకూ చెప్పు. గాజు కెంపంత గట్టిది కాదు, పులుపుకు తట్టుకోదు. నిమ్మరసంలో కాసేపు నానితే చాలు, రాయి పైన బీట నోరు తెరుచుకున్న చోటల్లా గాజు తినేసి తెల్లటి గీతలు పడతాయి. మనింట్లో నగలు తోమేది నిమ్మచెక్కతోనో చింతపండుతోనో కదా. ఉంగరం సైజు మార్చడానికి కంసాలి టార్చ్ పెడితే గాజు కరిగి బుడగలొస్తాయి. తర్వాత ఉంగరాన్ని శుభ్రం చేయడానికి ముంచే పికిల్ ద్రావణం కూడా యాసిడే. ఆ నేరం పాపం కంసాలి మీద పడుతుంది.

నువ్వే చూసి తేల్చుకోవాలంటే పదింతలు చూపించే లూప్ అనే చిన్న భూతద్దం ఒకటి కొను, లేకపోతే కొట్లోనే అడుగు. రాయిని తెల్ల కాగితం మీద పెట్టి, ఫోను లైటు పక్క నుంచి వేసి, మెల్లగా ఇటూ అటూ వంచు. రాయి లోపల బీట వెంట ఒక్క క్షణం నీలం రంగు మెరుపు వచ్చి పోతే అది గాజు. నెమలికంఠం రంగులా ఉంటుంది, ఎర్ర రాయిలో దానికి చోటు లేదు. గుండ్రటి బుడగలో, నలిగి పలచబడిన బుడగలో కనిపించినా అంతే. తర్వాత పైముఖం మీద లైటు ప్రతిఫలించేలా పట్టుకో. సన్నటి గీత పొడవునా మెరుపు తగ్గితే అక్కడ గాజు పైకి తేలింది. ఇవి కనిపిస్తే రాయి వదిలెయ్యి. కనిపించకపోతే మాత్రం బాగుందని అర్థం కాదు, కాగితం చూడాల్సిందే.

కాగితం చూసేటప్పుడు దాని మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యొద్దు. అది ఏ నకిలీ పేజీకైనా తీసుకెళ్లొచ్చు. ల్యాబు వెబ్‌సైటు నువ్వే వెతికి తెరిచి, రిపోర్టు నంబరు టైపు చెయ్యి. వచ్చిన పేజీలో బరువు రెండు దశాంశాల దాకా, పొడవు వెడల్పు మందం మిల్లీమీటర్లలో సరిపోవాలి. రాయిని నీ ఎదుటే తూయించు. 2.04 అని రాసి ఉంటే 1.98 చూపిస్తే అది వేరే రాయి, లేదా మళ్లీ సానబట్టినది. పొదిగాక ఇవేవీ కుదరవు కాబట్టి ఉంగరంలో పెట్టకముందే చేయించాలి. కాగితం మీద అనుమానముంటే జైపూర్‌లోని ఐఐజీజే-ఆర్‌ఎల్‌సీ ల్యాబుకు, అంటే ఇదివరకు జెమ్ టెస్టింగ్ ల్యాబొరేటరీ అన్నదానికి, పంపమని అడుగు.

పచ్చ విషయంలో మాత్రం ఈ లెక్క పెట్టుకోకు. పచ్చలకు బీటలు పుట్టుకతోనే ఉంటాయి, దాదాపు అన్నిటికీ నూనె పట్టిస్తారు. అక్కడ నింపడం తప్పు కాదు, ఎంత నింపారన్నదే ధర. మైనర్ అని ఉంటే నిశ్చింత. సిగ్నిఫికెంట్ అయితే నూనె ఆరినప్పుడు బీటలు తేలతాయి. అత్తయ్యగారి పచ్చల దిద్దులు వేడి నీళ్లలో కడగొద్దని చెప్పు.

సిద్ధాంతిగారు అయిదు కారట్లన్నారని రాశావు. ఆ బరువు కోసమే చాలామంది గాజు రాళ్లలో పడుతున్నారు. నా మాటగా ఆయన్ని అడుగు, సీసపు గాజు కలిసిన అయిదు కారట్లు కావాలా, రెండు కారట్ల కెంపు చాలా అని. ఆయన రెండు కారట్లకు సరేనంటే రెండో రాయి తీసుకో. బిల్లు మీద "హీటెడ్ రూబీ, నో గ్లాస్ ఫిల్లింగ్" అని, రిపోర్టు నంబరుతో సహా రాయించు. పది రోజుల్లో వేరే ల్యాబు ఇంకోలా చెబితే పూర్తి డబ్బు వాపసు అని కూడా రాయించి సంతకం పెట్టించు. అది రాయడానికి ఆయన వెనకాడితే బేరం అక్కడే ఆపెయ్యి, నాకు ఫోన్ చెయ్యి.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు