ఫోన్‌లోంచి తీసేసిన యాప్ డ్రైవ్‌లోంచి పోదు

అందరికీ, ఒక్కసారి myaccount.google.com/connections తెరిచి చూడండి. నేను నిన్న రాత్రి చూస్తే, ఎప్పుడో ఫోన్‌లోంచి తీసేసిన స్కానర్ యాప్‌కి నా డ్రైవ్ ఫైళ్లన్నీ చూసే, మార్చే, డిలీట్ చేసే అనుమతి ఇంకా అలాగే ఉంది, అందులో మా ఇంటి కాగితాలు కూడా ఉన్నాయి, నిజంగా టెన్షన్ పడ్డాను. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఆ అనుమతి పోదు, పాస్‌వర్డ్ మార్చినా డ్రైవ్ అనుమతి ఆగుతుందని అనుకోకండి. ఆ పేజీలో యాప్ పేరు నొక్కి, అనుమతులు చదివి, మనమే తీసేయాలి.

తొందరపడి అన్నీ తీసేయకండి. గూగుల్‌తోనే లాగిన్ అయ్యే యాప్ అయితే ముందు అందులో వేరే పాస్‌వర్డ్ పెట్టుకుని, కావాల్సిన ఫైళ్లు దించుకోండి. ఇంకోటి, యాప్ వాళ్లు ఇప్పటికే కాపీ చేసుకున్నది దీంతో చెరగదు, అది డిలీట్ చేయమని వాళ్లనే విడిగా అడగాలి.