లాగౌట్ చేసినా తెరిచే ఉండిపోయిన ఖాతా: మా ఆర్డర్ల అప్లికేషన్‌లో దొరికిన తప్పు

"బాబూ, ఫోన్ పోయిన రోజే పాస్‌వర్డ్ మార్చేశాను కదా. మరి ఆ ఫోన్ నుంచే నా పేరు మీద ఆర్డరు ఎలా పెట్టారు?" అని గుణుపురం నుంచి మా దుకాణదారు ఒకాయన అడిగారు.

తప్పు మా అప్లికేషన్‌దే. ఆయనది కాదు. రాయగడలో మా గోడౌన్ నుంచి సరుకు తీసుకునే అందరికీ ఇది తెలియాలని రాస్తున్నాను.

ఆ ఆర్డరు 12 నూనె డబ్బాలకు వచ్చింది. సరుకు దుకాణంలో కాకుండా స్టేషన్ దగ్గర దించమని ఉంది. మా వ్యాన్ డ్రైవర్‌కి అనుమానం వచ్చి ఆయన ఇంటికి ఫోన్ చేయబట్టి సరుకు ఆగింది. రికార్డు తీసి చూస్తే, ఫోన్ పోయిన తర్వాత ఆ ఖాతాలోకి కొత్తగా ఎవరూ లాగిన్ కాలేదు. అంటే దొంగకి పాస్‌వర్డ్ అవసరమే పడలేదు.

ఈ అప్లికేషన్ నేనే రాసుకున్నాను. అందుకే పరీక్ష కూడా నేనే చేశాను. మీ ఖాతాలు ముట్టుకోలేదు. నా కంప్యూటర్‌లో ఒక నకలు పెట్టి, ఉత్తుత్తి ఖాతా ఒకటి తెరిచాను. రెండు బ్రౌజర్లలో అదే ఖాతాతో లాగిన్ అయ్యాను. రెండోది పోయిన ఫోన్ అనుకోండి. లాగిన్ అయినట్టు గుర్తుగా సర్వర్ దానికిచ్చిన కుకీ విలువ రాసిపెట్టుకుని, మొదటి బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ మార్చాను. రెండోదాంట్లో లాగౌట్ కూడా కొట్టాను. తర్వాత ఆ పాత కుకీతోనే ఖాతా పేజీ అడిగాను:

```
curl -i -b "sid=$OLD_SID" http://localhost:8000/khata
```

లాగిన్ పేజీకి పంపే `302` రావాలి. అడిగిన పేజీ ఇచ్చేశాననే `200` వచ్చింది. లాగిన్ పేజీ కూడా కొన్నిసార్లు `200`తోనే వస్తుంది కాబట్టి కింద వచ్చిన పేజీ చదివాను. ఖాతా బాకీ అంతా కనబడుతోంది. బ్రౌజర్‌లో వెనక్కి బాణం నొక్కి చూస్తే ఈ సంగతి తేలదు. అక్కడ కనబడేది బ్రౌజర్ దాచుకున్న పాత పేజీ కావచ్చు. అందుకే సర్వర్‌నే నేరుగా అడగాలి.

కారణం ఇది. లాగిన్ కాగానే మా సర్వర్ మీ ఫోన్‌కి ఒక చీటీ ఇచ్చేది, పైన చెప్పిన కుకీ అదే. దాని మీద మీ ఖాతా నంబరు, 30 రోజుల గడువు, సర్వర్ సంతకం ఉంటాయి. చీటీ చూపిస్తే సర్వర్ సంతకం, గడువు సరిచూసి లోపలికి వదిలేది. ఎవరికి ఏ చీటీ ఇచ్చామో తన దగ్గర రాసి పెట్టుకోలేదు. అందువల్ల లాగౌట్ అంటే ఆ ఫోన్‌లోని చీటీ చింపడమే అయ్యింది. ఇంకోచోట నకలుంటే 30 రోజులూ చెల్లుతుంది. పాస్‌వర్డ్ మార్చినా చీటీకి సంబంధం లేదు.

ఇప్పుడు సర్వర్ ప్రతి లాగిన్‌కీ ఊహించలేని కొత్త నంబరు ఇచ్చి, తన పట్టీలో రాసుకుంటుంది. ప్రతిసారీ ఆ పట్టీ చూసే లోపలికి వదులుతుంది. లాగౌట్ కొడితే ఆ వరస పోతుంది. పాస్‌వర్డ్ మారిస్తే ఆ ఖాతా వరసలన్నీ పోతాయి:

```
DELETE FROM sessions WHERE user_id = ?;
```

మార్చాక మళ్లీ అదే పరీక్ష చేస్తే `302` వచ్చింది. అక్కడితో ఆపేసి ఉంటే ఇంకో కన్నం మిగిలిపోయేది. "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కి ఓటీపీతో మార్చే దారి వేరే చోట రాసి ఉంది. అక్కడ పై `DELETE` ఆదేశం పెట్టలేదు. ఫోన్ పోయినవాళ్లు ఎక్కువగా వచ్చేది ఆ దారినే. అదీ సరిచేసి, రెండు దారులూ విడివిడిగా పరీక్షించాను.

30 రోజుల గడువు తగ్గించాలా అని చాలా ఆలోచించాను. మునిగుడ వైపు సిగ్నల్ సరిగా లేక ఓటీపీ గంటకి వస్తోందని మీలో చాలామంది చెప్పారు. రోజూ లాగిన్ అవమంటే వ్యాపారం ఆగిపోతుంది. గడువు అలాగే ఉంచాను. సరుకు కొత్త చోట దించమంటే మాత్రం అప్లికేషన్ పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. ఇదొక్కటి ముందే ఉండి ఉంటే ఆ నూనె ఆర్డరు పడేది కాదు. ఆయన ఖాతాలోంచి ఆ బాకీ తీసేశాం.

ఈ రాత్రి 10 గంటలకు పాత చీటీలన్నీ రద్దు చేస్తున్నాం. రేపు ఉదయం అందరూ ఒకసారి లాగిన్ కావాలి. ఫోన్ పోతే ముందు సిమ్ బ్లాక్ చేయించండి. సిమ్ దొంగ చేతిలో ఉంటే ఓటీపీ అతనికే వెళ్తుంది, అది మా పట్టీతో ఆగదు. ఆ తర్వాత ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా మీ ఖాతా తెరిచి "అన్నిచోట్లా లాగౌట్" నొక్కండి. కుదరకపోతే గోడౌన్‌కి ఫోన్ చేయండి, మీ గొంతు గుర్తుపట్టి నేనే నొక్కుతాను.