గంగాధర్ పేరుకు అరబ్బీలో ఎన్ని రాతలు?

సంపాదకుల వారికి నమస్కారం.

గల్ఫ్ దేశాలకు వెళ్లేవారి పెళ్లి ధ్రువపత్రాలను, పిల్లల జనన పత్రాలను అరబ్బీలోకి అనువదించేవాణ్ణి కనుక, తరచూ నా ముందుకు వచ్చే ఒక చిక్కును మీ పాఠకుల దృష్టికి తేదలచాను.

ఆధార్ కార్డు మీద గంగాధర్ అని తెలుగులో ఉన్న పేరు పాస్‌పోర్టులో Gangadhar అవుతుంది. గల్ఫ్‌లో ఇచ్చే నివాస కార్డు మీది అరబ్బీ పేరును ఆ ఇంగ్లిష్ అక్షరాలను చూసే రాస్తారు. అందులో మూడు అచ్చులూ ఒకే a కావడంతో ఏది దీర్ఘమో తెలియక, మూడింటికీ 'ఆ' దీర్ఘాన్ని చూపే అలిఫ్ అక్షరం పెట్టి غانغادهار అని రాసేవారున్నారు. తెలుగు కార్డు చూస్తే దీర్ఘం 'గా' ఒక్కటే. అరబ్బీలో హ్రస్వాచ్చులను సాధారణంగా రాయరు కాబట్టి, ఒకే అలిఫ్‌తో غنغادهر అంటే సరిపోతుంది. పైగా 'గ'కు ప్రామాణిక అరబ్బీలో ప్రత్యేకమైన అక్షరం లేదు. ఒకరు غ వాడితే మరొకరు ك వాడతారు. కైరో వాసుల నోట ج అక్షరం 'గ'గానే పలుకుతుంది కనుక ఈజిప్టు గుమస్తా దాన్నే రాయవచ్చు. ఆ రాతను మరో అరబ్బు చదివితే మన గంగాధర్ కాస్తా జంజాధర్ అవుతాడు.

భార్యకు వీసా కోరినప్పుడు పెళ్లి పత్రం అనువాదంలో ఒక రాత, భర్త కార్డులో మరో రాత కనబడితే, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు తెమ్మంటారు. ఇది కంటికి కనిపించే తేడా. కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది. మన దగ్గర ఉర్దూ కీబోర్డు మీద అరబ్బీ కొట్టడం మామూలే. ఉర్దూ ک, అరబ్బీ ك పదం మధ్యలో ఒకేలా కనిపించినా కంప్యూటరుకు అవి వేర్వేరు అక్షరాలు; ی, ي సంగతీ అంతే. కాగితం మీద సరిగ్గా ఉన్న పేరు వెతుకులాటలో దొరకలేదంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

నా అభిప్రాయంలో, నివాస కార్డు ఇంకా రానివారికి మాత్రమే తెలుగు రాతను బట్టి అరబ్బీ రాత నిర్ణయించాలి. కార్డు వచ్చినవారికి, దాని మీది రాత ఉచ్చారణకు కొంత దూరంగా ఉన్నా సరే, అలిఫ్‌తో సహా దాన్నే ప్రతి పత్రంలోనూ ఉంచాలి. ఒక పత్రంలో మాత్రమే పేరును 'సరిదిద్దే' అనువాదకుడు (ఒకప్పుడు నేనూ ఆ పని చేశాను) మేలు చేశాననుకుని కొత్త తేడా పుట్టిస్తాడు. అందుకే అనువాదానికి వచ్చేవారు తెలుగు పత్రంతోపాటు నివాస కార్డు నకలు కూడా తేవాలి. తేకపోతే అనువాదకులే అడిగి తెప్పించుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వం తెలుగు అక్షరాలకు అరబ్బీ సమానాక్షరాల పట్టిక ఒకటి ప్రకటిస్తే, కనీసం కొత్తగా వెళ్లేవారి పత్రాలన్నీ ఒకే రాతతో మొదలవుతాయి.

ఇట్లు,
ఒక అనువాదకుడు, నిజామాబాద్