లేని చోట ఆయిల్ పోసిన మీ సర్వీసు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నా కారు స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోందన్న ఫిర్యాదును "పరిష్కరించి ముగించాం" అని మీరు పంపిన మెసేజ్ అందింది. ఆ సాయంత్రమే సింహాచలం ఘాట్ మలుపులో అది మళ్లీ బిగుసుకుంది. ఆ మెసేజ్ ఒక కాపీ స్టీరింగుకీ పంపాల్సింది.

మొదట ఫోనెత్తినమ్మాయి టైర్లలో గాలి చూసుకోమంది. ఆ తర్వాతాయన వీల్ అలైన్‌మెంట్ చేయించమన్నాడు, చేయించాను. ఇంకొకాయన లైన్లో ఉండమని పాట వేసి వెళ్లిపోయాడు. సర్వీసు సెంటర్లో అడ్వైజర్ గారు సగం మాటలోనే "మాకు తెలుసు సార్" అని తాళాలు తీసుకున్నారు. సాయంత్రం బిల్లులో "పవర్ స్టీరింగ్ ఆయిల్ మార్పు" అని ఉంది. అయ్యా, ఆ ఆయిల్ ఎక్కడ పోశారు?

నా పాత కారూ మీదే. అందులో ఇంజిన్ బెల్టు పంపును తిప్పేది, ఆయిల్ ఒత్తిడి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీని, అంటే ర్యాక్‌ను, నెట్టేది. ఆయిల్ తగ్గితే మూలిగేది, కింద మరక కనిపించేది. ఇప్పటి కారులోనూ ర్యాక్, దాన్ని కదిపే పినియన్ అనే పళ్ల చక్రం ఉన్నాయి గానీ తిప్పడానికి సాయం చేసేది డాష్‌బోర్డు కింద స్టీరింగ్ కాలమ్ మీదున్న కరెంటు మోటారు. పంపు లేదు, ఆయిల్ డబ్బా లేదు. మీ యూజర్ మాన్యువల్లోనే రాసుంది, తీరిక దొరికితే చదవండి.

ఈ సంగతి చెబితే, ఈసారి ర్యాక్ మొత్తం మార్చాలని పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ర్యాక్ అరిగితే గుంతల్లో టకటక శబ్దం రావాలి, స్టీరింగు వదులుగా ఆడాలి. నాకు రెండూ లేవు. స్టీరింగ్ బొమ్మ దీపం వెలిగి, సాయం ఒక్కసారిగా పోతుంది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలవుతుంది. ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ స్కానర్ పెట్టి చూస్తే టార్క్ సెన్సర్ లోపం కోడు వచ్చింది. చెయ్యి ఎంత బలంగా తిప్పుతోందో మోటారు కంట్రోలరుకు చెప్పేది ఆ సెన్సరే. ఆ సంకేతం నమ్మేలా లేకపోతే, మోటారు తప్పుగా తిప్పేయకుండా కంట్రోలర్ సాయాన్నే ఆపేస్తుంది. పినియన్ ర్యాక్‌కు నేరుగా కలిసే ఉంటుంది కాబట్టి చక్రాలు తిరుగుతాయి, భుజాల బలంతో. వారంటీ పోతుందని ఆయన విప్పలేదు. వైరు కనెక్టరు కూడా చూడాలన్నాడు, సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉండొచ్చట. మీవాళ్లు స్కానరే పెట్టలేదు. ఇంజిన్ ఆపి ఇవ్వగానే దీపం ఆరిపోయింది కాబట్టి కారు బాగుందనేశారు.

మా బావమరిది చేత కూడా మీ కారే కొనిపించాను. ఇప్పుడాయన ముందు తల ఎత్తుకోలేకపోతున్నాను.

పోసిన ఆయిల్ చూపించండి, లేదా డబ్బు వాపసివ్వండి. స్కాన్ రిపోర్టు కాగితం మీద ఇచ్చి, కనెక్టరు చూసి, సెన్సర్ పోయి ఉంటే వారంటీలో మార్చండి. మళ్లీ "ముగించాం" అని మెసేజ్ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి మీ ఆయిల్ బిల్లే మొదటి సాక్ష్యంగా ఇస్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
విశాఖపట్నం